రెండు ఉపకారవేతనాలు, ఒక విద్యార్థి: పశ్చిమ కర్నూలు నేపథ్యంలో వెల్లడి నియమాల పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకే కాలానికి రెండు ఉపకారవేతనాలు గానీ, ఉపకారవేతనంతోపాటు ఫెలోషిప్ గానీ పొందవచ్చునా అన్న ప్రశ్నకు పథకాల నియమావళులు ఒకే సమాధానం ఇవ్వవు. కొన్ని పూర్తిగా నిషేధిస్తాయి, కొన్ని ఎంపిక చేసుకొని తెలియజేయమంటాయి, కొన్ని చిన్న సహాయాలను అనుమతిస్తాయి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి పరిశోధనకు వచ్చే ఎస్సీ విద్యార్థులకు వర్తించే పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం, జాతీయ ఫెలోషిప్ అనే రెండింటి మధ్య ఏర్పడే అతివ్యాప్తిని ఈ వ్యాసం ప్రధానంగా పరిశీలిస్తుంది. చిక్కు సాధారణంగా మొత్తాల్లో కాక తేదీల్లో ఉంటుందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: ఉపకారవేతనం, ఫెలోషిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్, వెల్లడి, అమలు తేదీ, ఆదోని, ఎమ్మిగనూరు.

1. ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాలైన ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల్లో వ్యవసాయ కూలీ కుటుంబాలు ఏటా పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు, తెలంగాణ వైపు సుగ్గికి వెళతాయి. ఇటువంటి కుటుంబాల నుంచి పీహెచ్‌డీ వరకు వచ్చిన విద్యార్థి పదో తరగతి తరువాత ఏదో ఒక ప్రభుత్వ సహాయంతోనే చదువు కొనసాగించి ఉంటాడు. ఇంటర్మీడియట్ మొదలు స్నాతకోత్తర స్థాయి వరకు అతడి పేరు రాష్ట్ర ఉపకారవేతనాల పోర్టల్ జ్ఞానభూమిలో ఏటా పునరుద్ధరణ అవుతూ వస్తుంది. పరిశోధనలో చేరిన తరువాత కూడా అదే అలవాటుగా పునరుద్ధరణ జరిగిపోతుంది. ఆ మధ్యలో జాతీయ స్థాయి ఫెలోషిప్ మంజూరైతే, ఒకే వ్యక్తి పేరు రెండు వేర్వేరు ప్రభుత్వ జాబితాల్లో, రెండు వేర్వేరు నియమావళుల కింద కనిపిస్తుంది.

ఇది మోసం చేయాలన్న ఉద్దేశంతో ఏర్పడే స్థితి కాదు. ఆ తేడాను నియమావళులు ఎంతవరకు గుర్తిస్తాయన్నదే పరిశీలించవలసిన విషయం.

2. పోస్ట్‌మెట్రిక్ నిబంధనలోని మూడు భాగాలు

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతన నియమావళిలో ఇతర సహాయాల గురించి ఒక నిబంధన ఉంది. ఇతర వెనుకబడిన తరగతుల పథకంలోనూ దాదాపు ఇదే కనిపిస్తుంది. అధ్యాపకులు దీన్ని సాధారణంగా "రెండు తీసుకోకూడదు" అని ఒక్క మాటలో చెబుతారు. అది అసంపూర్ణం. నిబంధన మూడు వేర్వేరు మాటలు చెబుతుంది.

మొదటిది నిషేధం. ఈ పథకం కింద ఉపకారవేతనం పొందేవారు మరో ఉపకారవేతనాన్ని గానీ స్టైపెండ్‌ను గానీ పొందరాదు. రెండవది ఎంపిక. మరొకటి మంజూరైతే తనకు ఎక్కువ లాభదాయకమైనదాన్ని విద్యార్థి ఎంచుకోవచ్చు. అయితే తన ఎంపికను సంస్థాధిపతి ద్వారా మంజూరు అధికారికి తెలియజేయాలి. రెండో ఉపకారవేతనాన్ని అంగీకరించిన తేదీ నుంచి మొదటిదాని కింద చెల్లింపు ఉండదు. మూడవది మినహాయింపు. ఉచిత వసతిని స్వీకరించవచ్చు. పుస్తకాలకు, పరికరాలకు, భోజన వసతి ఖర్చులకు రాష్ట్ర ప్రభుత్వం నుంచి గానీ మరే ఇతర వనరు నుంచి గానీ లభించే గ్రాంటును, తాత్కాలిక ధనసహాయాన్ని ఉపకారవేతనానికి అదనంగా పొందవచ్చు.

ఈ మూడో భాగం పెద్దగా చర్చకు రాదు. ఎమ్మిగనూరులో ఒక దాత పుస్తకాల కోసం ఒకసారి ఇచ్చిన ఐదు వేల రూపాయలను చూసి, పునరుద్ధరణ ఆగిపోతుందేమోనని భయపడవలసిన పని లేదు. అదే దాత నెలనెలా నిర్ణీత మొత్తాన్ని "స్కాలర్‌షిప్" పేరుతో ఇస్తే పరిస్థితి మారుతుంది. నియమం మొత్తాన్ని బట్టి గాక సహాయం స్వభావాన్ని బట్టి విభజిస్తున్నది. అనుమానం ఉన్నచోట దాత పత్రంలో ప్రయోజనం ఏమని రాశారో ముందుగా చూడాలి.

తప్పుడు ప్రకటనతో ఉపకారవేతనం పొందినట్లు తేలితే దాన్ని రద్దు చేయాలని, చెల్లించిన మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వ విచక్షణ మేరకు రాబట్టవచ్చునని, ఆ విద్యార్థిని బ్లాక్‌లిస్టులో చేర్చి ఏ పథకంలోనూ శాశ్వతంగా ఉపకారవేతనం లేకుండా చేయవచ్చునని అదే నియమావళి చెబుతుంది. ఇక్కడ శిక్షకు ఆధారం తప్పుడు ప్రకటన. అతివ్యాప్తి ఏర్పడటం ఒక విషయం, దాన్ని లేదని రాసి సంతకం చేయడం మరో విషయం. వెల్లడి ప్రాముఖ్యమంతా ఈ తేడాలోనే ఉంది.

3. ఫెలోషిప్ వైపు నుంచి చూస్తే

పరిశోధక విద్యార్థికి రెండో నియమావళి ఫెలోషిప్‌ది. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్, గతంలో రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్‌గా తెలిసినది, ఇందుకు తగిన ఉదాహరణ. ఇందులో మొత్తం జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌తో సమానం. 1 జనవరి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ దశలో 42,000 రూపాయలు. ఈ పథకానికి ఎంపికైనవారు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నుంచి గానీ యూజీసీ వంటి మరే సంస్థ నుంచి గానీ "అదే ప్రయోజనం" కోసం సహాయం పొందడానికి అర్హులు కారు.

పోస్ట్‌మెట్రిక్ నిబంధన సహాయం పేరును, స్వభావాన్ని పట్టుకుంటే, ఈ నిబంధన ప్రయోజనాన్ని పట్టుకుంటుంది. పీహెచ్‌డీ చదువు కొనసాగించడమే ప్రయోజనమైతే, విద్యార్థి నిర్వహణ ఖర్చుల కోసం వచ్చే ఏ నియత సహాయమైనా దాని పరిధిలోకి వస్తుంది. ఒక సదస్సుకు వెళ్లడానికి వచ్చే ప్రయాణ ఖర్చును అదే ప్రయోజనమనడం కష్టం. రెండు నియమావళులూ వర్తించే విద్యార్థి విషయంలో ఏది కఠినమో అదే నిర్ణాయకం. ఒకదానిలో మౌనం ఉంటే రెండోదానిలోని నిషేధం తొలగిపోదు, ఎందుకంటే రెండు సంస్థలకూ విడివిడిగా హామీ ఇచ్చినవాడు ఆ విద్యార్థే.

మైనారిటీ విద్యార్థులకు ఉద్దేశించిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ విషయంలో ఇదే ఆలోచన మరో రూపం తీసుకున్నది. ఆ పథకం ఇతర ఫెలోషిప్‌లతో అతివ్యాప్తి చెందుతున్నదన్న కారణంతో 2022-23 నుంచి దాన్ని నిలిపివేసినట్లు 2022 డిసెంబరులో కేంద్ర మంత్రి స్మృతి ఇరానీ లోక్‌సభకు తెలిపారు. ఇక్కడ వాడిన అతివ్యాప్తి అర్హతలకు సంబంధించినది. ఒక విద్యార్థి రెండు పథకాలకు దరఖాస్తు చేయడానికి అర్హుడు కావడం వేరు, రెండింటి నుంచీ డబ్బు పొందడం వేరు. రెండోదాన్ని వ్యక్తిగత హామీపత్రాలు అప్పటికే అడ్డుకుంటున్నాయి. అర్హతల అతివ్యాప్తిని చెల్లింపుల అతివ్యాప్తిలా పరిగణించడం ఆ నిర్ణయంలోని బలహీనత. ఆదోని వంటి పట్టణాల నుంచి కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయానికి వెళ్లే విద్యార్థులకు ఈ తేడా మాటల తేడా మాత్రమే కాదు.

4. మూడు తేదీలు: ఒక ఉదాహరణ

విషయం స్పష్టం కావడానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకోవచ్చు. ప్రభుత్వ చెల్లింపుల తేదీలు మాత్రం వాస్తవమైనవి. ఆదోని మండలానికి చెందిన ఒక ఎస్సీ విద్యార్థిని 2022లో రాయలసీమ విశ్వవిద్యాలయంలో పూర్తికాల పీహెచ్‌డీలో చేరి, నాటి విద్యాదీవెన, వసతి దీవెన పథకాల కింద నమోదైందని భావించవచ్చు. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపే. తరువాత ఆమెకు జాతీయ ఫెలోషిప్ మంజూరైంది. మంజూరు పత్రం ప్రకారం ఫెలోషిప్ 1 ఏప్రిల్ 2023 నుంచి అమలు. ఆమె చేరిక పత్రంపై సంతకం చేసినది 11 సెప్టెంబరు 2023న. బకాయిలు ఖాతాలో పడినది డిసెంబరులో. ఏప్రిల్ నుంచి నవంబరు వరకు ఎనిమిది నెలలకు 2,96,000 రూపాయలు.

ఈ మధ్యకాలంలో రాష్ట్రం నుంచి రెండు చెల్లింపులు జరిగాయి. 26 ఏప్రిల్ 2023న అనంతపురం జిల్లా నార్పలలో నాటి ముఖ్యమంత్రి 2022-23 విద్యాసంవత్సరానికి సంబంధించిన వసతి దీవెన నిధులను విడుదల చేశారు. డిగ్రీ, ఆపై కోర్సులవారికి ఏడాదికి 20,000 రూపాయలు, విడతకు 10,000. 28 ఆగస్టు 2023న చిత్తూరు జిల్లా నగరిలో ఏప్రిల్–జూన్ త్రైమాసికపు విద్యాదీవెన, అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్, విడుదలైంది. ఆమె కోర్సు ఫీజు త్రైమాసికానికి 3,000 రూపాయలనుకుంటే, రెండు విడతలూ కలిపి 13,000.

బ్యాంకు తేదీని ఆధారంగా తీసుకుంటే, ఫెలోషిప్ డబ్బు డిసెంబరులో వచ్చింది కనుక అంతకుముందు వచ్చినదంతా సక్రమమే అనిపిస్తుంది. ఎక్కువమంది విద్యార్థులు ఇలాగే లెక్కవేస్తారు. అంగీకార తేదీ ఆధారంగా చూసినా, పోస్ట్‌మెట్రిక్ నిబంధన ప్రకారం 11 సెప్టెంబరుకు ముందువి సక్రమమే. ఆ తరువాతి చెల్లింపులే ఆగాలి. కానీ ఫెలోషిప్ వైపు నుంచి చూస్తే అమలు తేదీ 1 ఏప్రిల్. ఆనాటి నుంచే ఆమె 37,000 రూపాయల ఫెలో. ఏప్రిల్–జూన్ ఫీజును రాష్ట్రం చెల్లించిన మాట ఫెలోషిప్ నియమం దృష్టిలో అదే కాలానికి, అదే ప్రయోజనానికి వచ్చిన సహాయమవుతుంది.

ఇక ఏప్రిల్ 26 నాటి పదివేల సంగతి. అది 1 ఏప్రిల్ తరువాతే ఖాతాలో పడింది. అయినా అది ఏ నెలలకు చెందినదో చూడాలి. ఆ విడత మార్చి నెలాఖరులోపు కాలానిదైతే అతివ్యాప్తి లేదు. కోవిడ్ తరువాతి విద్యాసంవత్సరాలు చాలాచోట్ల జూన్, జూలై వరకు సాగాయి కనుక ఆ విడతలో కొంతభాగం ఏప్రిల్ తరువాతి కాలానికి చెందే అవకాశం ఉంది. ఈ నిర్ణయం విద్యార్థిని చేయదగినది కాదు. మంజూరు ఉత్తర్వును చూసి అధికారి చెప్పవలసినది. ఆమె చేయవలసినది ఆ చెల్లింపును దాచకుండా చూపడమే.

ఈ ఉదాహరణలో వాపసు చేయవలసివచ్చే మొత్తం కనిష్ఠంగా 3,000, గరిష్ఠంగా 13,000 రూపాయలు. దానికి ఎదురుగా ఉన్నది రెండు లక్షల తొంభైఆరు వేల బకాయి, ఇంకా మిగిలిన ఫెలోషిప్ కాలం. లెక్క ఇంత ఏకపక్షంగా ఉన్నప్పుడు కూడా వెల్లడి జరగకపోవడానికి కారణం స్వార్థం కన్నా ఎక్కువగా తెలియకపోవడమే. వెల్లడి ఎవరికి, ఏ రూపంలో చేయాలో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

5. తల్లి ఖాతాలోని డబ్బు

ఆంధ్రప్రదేశ్‌లో ఈ చిక్కు మరింత పెరగడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. 2021 ఏప్రిల్ నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్మును విద్యార్థుల తల్లుల ఖాతాల్లో జమ చేశారు. తల్లి దాన్ని కళాశాలకు కట్టవలసి ఉండేది. అందువల్ల పరిశోధక విద్యార్థిని తన పాస్‌బుక్ చూసుకుంటే ఫెలోషిప్ తప్ప మరేదీ కనిపించేది కాదు. "ఇతర ఉపకారవేతనం పొందడం లేదు" అన్న వాక్యం కింద ఆమె నిజాయితీగానే సంతకం చేసేది. తల్లి సుగ్గికి వెళ్లి మూడు నెలలు ఊళ్లో లేకపోతే, జమ అయిన సంగతి ఆమెకే తెలియకపోయి ఉండవచ్చు. సంతకం చేసే ముందు తల్లి ఖాతా వివరాలనూ, జ్ఞానభూమిలో తన పేరు మీద కనిపించే చెల్లింపుల స్థితినీ చూడాలన్న సూచన ఇందుకే అవసరం.

ఫీజు విద్యార్థి చేతికి రాదు కనుక అది ఉపకారవేతనం కాదన్న వాదన కూడా వినిపిస్తుంది. పోస్ట్‌మెట్రిక్ పథకంలో నిర్వహణ భత్యంతోపాటు తిరిగి చెల్లించని తప్పనిసరి ఫీజులు కూడా ఉపకారవేతనంలో భాగమే. ఫెలోషిప్‌ను ఎంచుకోవడమంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌నూ వదులుకోవడమే. ఆపై ఫీజును నెలవారీ ఫెలోషిప్ నుంచే కట్టుకోవాలి. 2024 జూన్‌లో ఈ పథకాల పేర్లు తిరిగి పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనాలుగా మారాయి. పేరు మారినంత మాత్రాన పాత సంవత్సరాల చెల్లింపుల స్వభావం మారదు.

హాస్టల్ విషయంలోనూ ఇటువంటి ద్వంద్వమే ఉంది. విశ్వవిద్యాలయ హాస్టల్‌లో వసతి పొందుతున్న ఫెలోకు ఇంటి అద్దె భత్యం వర్తించదు. హాస్టల్ ఫీజును మాత్రం, భోజనం, విద్యుత్తు, నీటి ఛార్జీలు మినహాయించి, పరిమితికి లోబడి పొందవచ్చు. సెలవుల్లో ఎమ్మిగనూరులోని ఇంట్లో ఉంటున్నామని అద్దె భత్యం కోరుతూ, హాస్టల్ రిజిస్టరులో పేరు కొనసాగించడం కూడా రెండు సహాయాలు పొందడమే. రిజిస్టరును తిరగేస్తే ఇది తేలికగా బయటపడుతుంది.

6. డిగ్రీ తరగతుల్లో ఇదే ప్రశ్న

కళాశాల అధ్యాపకులకు ఈ సమస్య పరిశోధన స్థాయికి ముందే ఎదురవుతుంది. ఇంటర్మీడియట్‌లో అత్యధిక మార్కులు పొందినవారికి ఉద్దేశించిన కేంద్ర రంగ ఉపకారవేతనం డిగ్రీ స్థాయిలో ఏడాదికి 12,000 రూపాయలు, స్నాతకోత్తర స్థాయిలో 20,000. దీని నియమం స్పష్టంగా ఉంది: రాష్ట్ర ఉపకారవేతనాలు, ఫీజు మినహాయింపు, రీయింబర్స్‌మెంట్ పథకాలతో సహా మరే ఉపకారవేతన ప్రయోజనాన్నీ పొందుతూ ఉండరాదు. ఇక్కడ పుస్తకాల గ్రాంటు వంటి మినహాయింపును ఆశించే అవకాశం పోస్ట్‌మెట్రిక్‌లో ఉన్నంత లేదు.

కనుక ఆదోనిలో డిగ్రీ చదువుతూ రాష్ట్రపు ఫీజు, వసతి సహాయం రెండూ పొందే విద్యార్థికి కేంద్ర పథకం సాధారణంగా నష్టమే. 20,000 రూపాయలు, ఫీజు వదులుకొని 12,000 తీసుకోవలసివస్తుంది. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటి, కేంద్ర పథకపు పరిమితి అయిన నాలుగున్నర లక్షలకు లోపు ఉన్న విద్యార్థికి అది నిజంగా ఉపయోగపడుతుంది. దరఖాస్తును ధ్రువీకరించే నోడల్ అధ్యాపకుడు మార్కుల జాబితాతో పాటు రాష్ట్ర పథకంలో పేరు ఉందా లేదా అన్నది చూడాలి.

సరిహద్దు ప్రాంతం కావడంవల్ల ఆదోని వైపు విద్యార్థులు బళ్లారి కళాశాలలకూ వెళతారు. పోస్ట్‌మెట్రిక్ పథకంలో విద్యార్థి స్థిరనివాసం ఏ రాష్ట్రమో ఆ రాష్ట్రమే చెల్లించాలి. చదువుతున్న రాష్ట్రం కాదు. కర్ణాటక పోర్టల్‌లోనూ, జ్ఞానభూమిలోనూ రెండుచోట్లా దరఖాస్తు పెట్టి ఏది ముందొస్తే అది తీసుకోవడం అనే పద్ధతికి ఈ నిబంధన తావివ్వదు.

7. వెల్లడి ఎలా చేయాలి, ఎక్కడ చేయకూడదు

ఎంపికను తెలియజేసే పత్రం సంస్థాధిపతి ద్వారా మంజూరు అధికారికి చేరాలన్న మాటలో ఒక ఆచరణాత్మక అర్థం ఉంది. పర్యవేక్షకుడికి నోటిమాటగా చెప్పడం వెల్లడి కాదు. పోర్టల్‌లో పునరుద్ధరణ చేయకుండా ఊరుకోవడమూ వెల్లడి కాదు. అది మానుకోవడం మాత్రమే. పైన చెప్పిన విద్యార్థిని రాయవలసిన పత్రం ఈ తీరులో ఉంటే సరిపోతుంది:

"నాకు జాతీయ ఫెలోషిప్ 1 ఏప్రిల్ 2023 నుంచి అమలయ్యేలా మంజూరైంది. 11 సెప్టెంబరు 2023న చేరిక పత్రం సమర్పించాను. అంతకుముందు రాష్ట్ర పథకాల కింద 26 ఏప్రిల్ 2023న వసతి సహాయపు విడత, 28 ఆగస్టు 2023న ఏప్రిల్–జూన్ త్రైమాసికపు ఫీజు విడుదలయ్యాయి. ఈ రెండూ నా తల్లి ఖాతాలో జమ అయ్యాయి. నేను ఫెలోషిప్‌ను ఎంచుకుంటున్నాను. తిరిగి చెల్లించవలసిన మొత్తాన్ని, చెల్లించవలసిన ఖాతాను తెలియజేయగోరుతున్నాను."

దీని ప్రతిని ఫెలోషిప్ చేరిక పత్రానికి కూడా జతచేయాలి. "మరే సహాయమూ పొందడం లేదు" అన్న అచ్చువాక్యం ఉన్నచోట దాన్ని యథాతథంగా వదిలేయకుండా, జతచేసిన పత్రానికి లోబడి అని రాయాలి. వాపసు చలానా వచ్చాక దాని నకలును రెండు కార్యాలయాలకూ పంపి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. ఐదేళ్ల తరువాత సిద్ధాంతవ్యాసం సమర్పించే సమయంలో నో-డ్యూస్ అడిగినప్పుడు నిలబడేది ఆ ముద్రే. చేరిక పత్రంపై పర్యవేక్షకుడు, శాఖాధిపతి, రిజిస్ట్రార్ సంతకాలు కూడా ఉంటాయి కనుక ఇది విద్యార్థి ఒక్కరి బాధ్యతగా మిగలదు.

వెల్లడికి హద్దు కూడా ఉంది. రెండు జాబితాల్లో ఉన్న విద్యార్థుల పేర్లను కళాశాలలు ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలతో సహా నోటీసు బోర్డుపై అంటించడం, తరగతి వాట్సాప్ బృందాల్లో పెట్టడం అక్కడక్కడ కనిపిస్తుంది. ఆధార్ చట్టం 2016లోని 29వ సెక్షన్ ఆధార్ సంఖ్యను బహిరంగంగా ప్రచురించడాన్ని, ప్రదర్శించడాన్ని నిషేధిస్తున్నది. మంజూరు అధికారికి తెలియజేయవలసిన సమాచారం తోటి విద్యార్థులకు తెలియవలసిన సమాచారం కాదు. విద్యార్థిని పిలిచి విడిగా మాట్లాడి, పత్రం రాయించుకుని, ముద్రవేసిన కవరులో జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయానికి పంపితే ఆ పని పూర్తవుతుంది.